పటం పోయింది, ప్రశ్న మిగిలింది: ఏది చెప్పగలం, ఏది చెప్పలేం?

డిగ్రీలో జాగ్రఫీ చదువుతున్న ఒక అమ్మాయి మొన్న నా దగ్గరికి నాలుగు జిరాక్స్ కాగితాలు తెచ్చింది. ద్వారకానగర్‌లో తీయించిందట. పాత ప్రశ్నపత్రం అది. మూడో పేజీలో "ఇచ్చిన పటాన్ని పరిశీలించి కింది ప్రశ్నలకు జవాబులు రాయండి" అని ఉంది. పటం మాత్రం ఎక్కడా లేదు. పేజీ ఎడమ మూలన పిన్ను గుచ్చిన రెండు చిన్న చుక్కలు మాత్రం జిరాక్స్‌లో పడ్డాయి. పటాన్ని విడి కాగితంగా ఇచ్చి ఉంటారు. పిన్ను ఊడగానే అది ఎవరి దగ్గరో ఉండిపోయింది.

"సార్, ఇవి వదిలేయాలా? ఫ్రెండ్స్ అందరూ ఏదో ఒక జవాబు రాసేస్తున్నారు," అంది.

పరీక్షల రోజుల్లో విశాఖలో ఇలాంటి కాగితాలు చాలానే తిరుగుతుంటాయి. పీడీఎఫ్ చేసేటప్పుడు పటం పేజీ వదిలేస్తారు, లేదా స్కాన్‌లో అది నల్లగా అలికినట్టు వస్తుంది. ఆ అమ్మాయి తెచ్చిన ఐదు ప్రశ్నలనే తీసుకుని, పటం లేకపోతే నిజంగా పోయేది ఏమిటో, మిగిలేది ఏమిటో చూద్దాం. పైన ఉన్న శీర్షిక ఇది: "సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటు 65 ఓ/6, స్కేలు 1:50,000." దాని కింద ప్రశ్నలు ఇలా ఉన్నాయి.

1. పటంలో "క" అని గుర్తించిన భూస్వరూపం ఏది?
2. "క" నుంచి "చ"కి పటం మీద దూరం 7.4 సెం.మీ. నేల మీద ఎంత?
3. ఈ పటం ఏ అక్షాంశాల, ఏ రేఖాంశాల మధ్య ప్రాంతాన్ని చూపుతోంది?
4. "ట" దగ్గర వాగు ఏ దిక్కుకు పారుతోంది?
5. పటంలో ఉన్న మేజర్ ఓడరేవు ఏది?

## ప్రశ్నలో పటం చేసే పని

ఐదూ పటం ప్రశ్నలే అయినా పటం మీద ఆధారపడే తీరు ఒక్కోదానికి ఒక్కోలా ఉంది. మొదటి ప్రశ్నలో పటం వేలు పెట్టి చూపిస్తోంది. "ఇదిగో, ఇది" అన్న ఆ వేలు పోతే ప్రశ్నే పోయినట్టు. నాలుగో ప్రశ్నలో పటం సాక్ష్యం లాంటిది. వాగు దిశ ఆ గీతల్లోనే ఉంది, ఇంకెక్కడా లేదు. రెండో ప్రశ్నలో పటం నుంచి తీసుకోవాల్సిన కొలత ఇప్పటికే ప్రశ్నలోకి వచ్చేసింది. ఇక మూడో ప్రశ్న, ఐదో ప్రశ్న చూడటానికి పటం ప్రశ్నల్లా ఉన్నా, వాటి జవాబు శీర్షికలోనే దాగుంది.

అందుకే నేను ముందు ప్రశ్నల జోలికి పోకుండా ఆ శీర్షికనే చదవమన్నాను. ఆ అమ్మాయి "ఆరువందల యాభై బై ఆరు" అని చదివింది. జిరాక్స్‌లో ఇంగ్లిష్ అక్షరం ఓ సున్నాలా కనిపించింది, అంతే. కానీ ఆ ఒక్క అక్షరం తప్పు చదివితే పటంతో పాటు దాని చిరునామా కూడా పోతుంది.

## షీటు నంబరు చెప్పే చిరునామా

టోపో షీటు అంటే కొండలు, వాగులు, రోడ్లు, ఊళ్లు, చెరువులు అన్నీ కొలత ప్రకారం చూపించే స్థలాకృతి పటం. మన దేశంలో వీటిని సర్వే ఆఫ్ ఇండియా తయారు చేస్తుంది. పాత పద్ధతి షీట్ల నంబర్లు వరుసగా వేసుకుంటూ పోయిన నంబర్లు కావు. ప్రతి నంబరూ భూమి మీద ఒక గడిని చెబుతుంది.

ముందు దేశాన్ని నాలుగు డిగ్రీల పొడవు, నాలుగు డిగ్రీల వెడల్పు ఉన్న పెద్ద గడులుగా విడగొట్టారు. వాటిలో 65వ గడి 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 80 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉంటుంది. ఇది ఒక్కటీ ముందే తెలిసి ఉండాలి. మిగతాదంతా లెక్కే.

ఆ పెద్ద గడిని ఒక్కో డిగ్రీ చొప్పున పదహారు గడులు చేసి, ఇంగ్లిష్ అక్షరాలు ఎ నుంచి పి వరకు ఇచ్చారు. అక్షరాలు వాయవ్య మూలన మొదలై పై నుంచి కిందికి దిగుతాయి. ఎడమ వరుసలో ఎ, బి, సి, డి. తర్వాతి వరుసలో ఇ నుంచి హెచ్. మూడో వరుసలో ఐ నుంచి ఎల్. చివరి వరుసలో ఎం, ఎన్, ఓ, పి. చాలామంది పొరపడేది ఇక్కడే. మనం రాసే అలవాటు కొద్దీ ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టేస్తాం. అలా లెక్కపెడితే ఓ అక్షరం అట్టడుగు వరుసలోకి, అంటే 16, 17 డిగ్రీల అక్షాంశాల మధ్యకి, 82, 83 డిగ్రీల రేఖాంశాల మధ్యకి వెళ్తుంది. అది విశాఖకు నైరుతి వైపున చాలావరకు సముద్రంలో పడే గడి. సరైన పద్ధతిలో దిగితే ఓ గడి నాలుగో నిలువు వరుసలో పై నుంచి మూడోది. అంటే 17 నుంచి 18 డిగ్రీల అక్షాంశాలు, 83 నుంచి 84 డిగ్రీల రేఖాంశాలు.

ఇప్పుడు ఓ గడిని మళ్లీ పదహారు ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క 15 నిమిషాల పొడవు, 15 నిమిషాల వెడల్పు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి నాలుగు ముక్కలకు ఒక డిగ్రీ. నంబర్లు ఇక్కడ కూడా పై నుంచి కిందికే వస్తాయి. 1 నుంచి 4 మొదటి నిలువు వరుస. 5, 6, 7, 8 రెండో వరుస. ఆరోది రెండో వరుసలో పై నుంచి రెండోది. పైన 18 డిగ్రీల నుంచి ఒక మెట్టు దిగితే 17 డిగ్రీల 45 నిమిషాలు, ఇంకో మెట్టు దిగితే 17 డిగ్రీల 30 నిమిషాలు. ఎడమ నుంచి ఒక అడుగు జరిగితే 83 డిగ్రీల 15 నిమిషాలు, ఇంకో అడుగుకి 83 డిగ్రీల 30 నిమిషాలు.

మూడో ప్రశ్నకు జవాబు వచ్చేసింది. 65 ఓ/6 చూపించేది 17°30' నుంచి 17°45' ఉత్తర అక్షాంశాల మధ్య, 83°15' నుంచి 83°30' తూర్పు రేఖాంశాల మధ్య ప్రాంతం. పటం కళ్లతో చూడకుండానే ఈ జవాబు గట్టిగా చెప్పొచ్చు. విశాఖ హార్బర్ దాదాపు 17°41', 83°17' దగ్గర ఉంటుంది కాబట్టి ఈ గడిలోనే పడుతుంది. గడిలో ఎక్కువ భాగం సముద్రమే. వాయవ్యాన ఒక మూల మాత్రమే నేల.

ఐదో ప్రశ్న కూడా దీంతో తేలిపోతుంది. మేజర్ ఓడరేవు అన్న మాటకు ఒక నిర్దిష్టమైన అర్థం ఉంది. పెద్దదైనంత మాత్రాన ఓడరేవు మేజర్ అయిపోదు. కేంద్రప్రభుత్వం కిందికి వచ్చేవే మేజర్ ఓడరేవులు. గంగవరం, కృష్ణపట్నం ఎంత పెద్దవైనా ఆ లెక్కలోకి రావు. ఆంధ్రప్రదేశ్‌లో మేజర్ ఓడరేవు ఒక్క విశాఖపట్నమే. ప్రశ్నలో ఆ మాట లేకుండా "పటంలో గుర్తించిన ఓడరేవు ఏది" అని మాత్రమే ఉండి, శీర్షికలో షీటు నంబరు కూడా లేకపోతే, అది మళ్లీ వేలు చూపించే ప్రశ్నే అయ్యేది.

## ఎర్ర మట్టి దిబ్బలు ఎందుకు కావు

మొదటి ప్రశ్నకు ఆ అమ్మాయి స్నేహితులు రాసిన జవాబు "ఎర్ర మట్టి దిబ్బలు". ఎందుకని అడిగితే, "విశాఖలో భూస్వరూపం అంటే అదే కదా సార్" అన్నారట. నిజమే, భీమిలి దారిలో ఉన్న ఆ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందినవి. విశాఖ పిల్లలకు భూస్వరూపం అనగానే అవి గుర్తుకు రావడం సహజం. ఆ జవాబులో ఉన్న వాస్తవం నిజమైనదే, ఈ ప్రశ్నకు మాత్రం అది చెల్లదు.

ఎందుకు చెల్లదో పటం లేకుండానే చూపించవచ్చు. ఎర్ర మట్టి దిబ్బలు దాదాపు 17 డిగ్రీల 52 నిమిషాల దగ్గర ఉంటాయి. మన షీటు 17 డిగ్రీల 45 నిమిషాల దగ్గరే ఆగిపోతుంది. అంటే దిబ్బలు పై గడిలో, 65 ఓ/5లో ఉన్నాయి. సింహాచలం గుడి కూడా అంతే. అది దాదాపు 17 డిగ్రీల 46 నిమిషాల దగ్గర ఉంది. ఒక్క నిమిషం తేడాతో ఈ షీటు అంచు దాటిపోయింది. ఒక నిమిషం అక్షాంశం అంటే నేల మీద రెండు కిలోమీటర్ల కన్నా తక్కువే.

ఇది నాకు చాలా విలువైన విషయంగా అనిపిస్తుంది. పటం లేనప్పుడు "క అంటే ఫలానా" అని చెప్పలేకపోవచ్చు. కానీ "క అంటే ఫలానాది కాదు" అని చాలాసార్లు ఖాయంగా చెప్పగలం. ఈ గడిలో పడే ప్రముఖ భూస్వరూపాల పేర్లు కూడా చెప్పగలం. సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్ నోస్ కొండ, దాని వెనక సాగే యారాడ కొండల వరుస, ఉత్తరాన ఆర్‌కే బీచ్ తీరం. "క" వీటిలో ఒకటి కావచ్చు, ఇవేవీ కాకపోనూవచ్చు. ఒక చిన్న గుట్ట మీదో, ఇసుక తిన్నె మీదో ఆ అక్షరం పెట్టి ఉండొచ్చు. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని రాయడమంటే పటం చూసినట్టు నటించడమే.

## 7.4 సెంటీమీటర్లు: లెక్క సులువు, షరతు కష్టం

రెండో ప్రశ్నకు లెక్క ఒక్క లైనులో అయిపోతుంది. 1:50,000 అంటే పటం మీద 1 సెం.మీ. నేల మీద 50,000 సెం.మీ. దాన్ని మీటర్లలోకి మారిస్తే 500. 7.4ని 500తో గుణిస్తే 3,700 మీటర్లు, అంటే 3.7 కిలోమీటర్లు. దీనికి పటమే అక్కర్లేదనిపిస్తుంది.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. 15 నిమిషాల అక్షాంశం నేల మీద సుమారు 27.7 కి.మీ. రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతాయి కాబట్టి, విశాఖ దగ్గర 15 నిమిషాల రేఖాంశం కొంచెం తక్కువ, సుమారు 26.5 కి.మీ. దీన్ని 1:50,000 స్కేలులో గీస్తే అసలు షీటు 53 సెం.మీ. వెడల్పు, 55 సెం.మీ. పొడవు వస్తుంది. మామూలు ఎ4 కాగితం వెడల్పు 21 సెం.మీ. మాత్రమే. కాబట్టి ప్రశ్నపత్రానికి పిన్ను కొట్టిన ఆ కాగితం ఎ4 సైజుదైతే, దాని మీద పూర్తి షీటు అసలు కొలతలో ఉండే అవకాశమే లేదు. ఒక ముక్కను కత్తిరించి వేసైనా ఉండాలి, మొత్తం షీటును కుదించైనా ఉండాలి.

ముక్క వేసి ఉంటే 3.7 కి.మీ. సరైనదే. కుదించి ఉంటే కాదు. ఉదాహరణకు 53 సెం.మీ. షీటును 18 సెం.మీ.కి కుదించారనుకుందాం. అప్పుడు 26.5 కి.మీ. నేల 18 సెం.మీ.లో ఇరుక్కుంటుంది. ఒక్కో సెంటీమీటరు దాదాపు 1.47 కి.మీ. అవుతుంది. 7.4 సెం.మీ. అంటే 10.9 కి.మీ. కుదించినా పైన అచ్చయిన "1:50,000" మాత్రం మారదు, ఎందుకంటే అది అంకెలు. పటం కింద ఉండే గీత స్కేలు అయితే పటంతో పాటే చిన్నదవుతుంది, అందుకే అది అబద్ధం చెప్పదు. పటం చేతిలో ఉంటే ఆ గీత స్కేలు మీద కొలిచి ఒక్క నిమిషంలో తేల్చేసేవాళ్లం.

అందుకే ఈ జవాబును "3.7 కి.మీ." అని మాత్రమే రాయడం నాకు సమ్మతం కాదు. "7.4 సెం.మీ. అన్నది 1:50,000 అసలు కొలత మీద తీసిందైతే 3.7 కి.మీ." అని రాస్తే అది పూర్తి జవాబు. పరీక్ష హాల్లో పేపరు తయారు చేసినవారి ఉద్దేశం 3.7 అనే అనుకోవాలి, అందులో సందేహం లేదు. నేల మీద దూరం గురించి మాట్లాడుతున్నప్పుడు మాత్రం ఆ షరతు లేకుండా చెప్పకూడదు.

## వాగు తూర్పుకే పారాలా?

నాలుగో ప్రశ్నకు దాదాపు అందరూ రాసే జవాబు "తూర్పు". కారణం కూడా చెబుతారు: సముద్రం తూర్పున ఉంది, తూర్పు కనుమల నీళ్లు బంగాళాఖాతంలో కలుస్తాయి. రాష్ట్రం మొత్తానికి ఇది సరైన మాటే. గోదావరి, కృష్ణ, వంశధార అన్నీ చివరికి తూర్పు తీరానికే చేరతాయి.

కానీ ప్రశ్న అడిగేది ఒక వాగు గురించి, అదీ "ట" అనే ఒక్క చోట. యారాడ కొండనే చూడండి. ఆ కొండ హార్బర్‌కి దక్షిణంగా ఉంది. దాని దక్షిణ వాలు మీద పడిన వాన నేరుగా సముద్రం వైపు జారుతుంది. ఉత్తర వాలు మీద పడింది హార్బర్ వైపు, అంటే ఉత్తరంగా దిగుతుంది. ఒకే కొండ, ఒకే వాన, రెండు ఎదురు దిక్కులు. పైగా మన తీరం నిట్టనిలువుగా ఉత్తర దక్షిణాలుగా లేదు. నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంది, అందుకే విశాఖలో సముద్రానికి ఎదురుగా నిలబడితే మనం చూసేది ఆగ్నేయం. "తూర్పు" అన్న జవాబు సామాన్య సూత్రంగా కూడా ఇక్కడ కచ్చితంగా నిలబడదు.

మరి ఇక్కడ ఇవ్వగలిగింది ఏమిటి? వాగు దిశను పటంలో ఎలా చదువుతారో చెప్పగలం. ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీతలు కాంటూర్ రేఖలు. 1:50,000 షీట్లలో సాధారణంగా ఒక్కో రేఖకు 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. వాగును దాటేటప్పుడు ఈ రేఖలు ఇంగ్లిష్ అక్షరం వి లాగా వంగుతాయి. ఆ వి మొన ఎప్పుడూ ఎగువ వైపు, అంటే వాగు పుట్టిన వైపు చూపిస్తుంది. నీళ్లు మొనకు ఎదురు దిశలో పారతాయి. మొన ఎత్తు తగ్గే వైపు చూపిస్తుంటే అక్కడ ఉన్నది వాగు కాదు, కొండ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన గట్టు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, రేఖల మీద రాసిన ఎత్తుల అంకెలే తేడా చెబుతాయి. ఈ సూత్రం ఏ పటానికైనా పనికొస్తుంది. "ట" దగ్గర వి మొన ఎటు ఉందన్నది మాత్రం పోయిన ఆ కాగితానికే తెలుసు.

## సామాన్య వాస్తవానికీ తేదీ ఉంటుంది

అదే పేపర్లో మరో పేజీలో "విశాఖపట్నం జిల్లాలోని ఏ లోయ పటంలో చూపబడింది?" అన్న ప్రశ్న ఉంది. దానికీ పటం లేదు. అరకు అని చెప్పాలనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4కి ముందు పేపరైతే ఆ ఊహకు అవకాశం ఉంది. ఆ రోజు నుంచి పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరు అదే, హద్దులు వేరు. పటం ఉంటే హద్దు గీత చూసి అది ఏ కాలం నాటిదో చెప్పేయొచ్చు. లేనప్పుడు పేపరు సంవత్సరం చూడాలి. కొండలు, అక్షాంశాలు మన జీవితకాలంలో కదలవు కాబట్టి వాటి గురించి చెప్పే వాస్తవాలకు ఈ చిక్కు లేదు. జిల్లాలకు, రాష్ట్రాలకు, పేర్లకు ఉంది.

## మార్కులు ఇవ్వాలా, తీసేయాలా?

పటం లేని ప్రశ్నను ఏం చేయాలన్న దానిపై టీచర్లలో ఏకాభిప్రాయం లేదు. కొందరు అలాంటి ప్రశ్నలన్నీ పక్కన పెట్టేయమంటారు. ఆధారం లేకుండా జవాబు రాయడం అలవాటైతే, పటం ఉన్నప్పుడు కూడా పిల్లలు దాన్ని సరిగ్గా చూడరన్నది వాళ్ల బాధ. అది నిజమైన బాధే. ఇంకొందరు విషయం తెలిసిందా లేదా అన్నదే ముఖ్యమంటారు. డాల్ఫిన్ నోస్ గురించి నాలుగు వాక్యాలు రాయగలిగితే మార్కులు ఎందుకు ఇవ్వకూడదని అడుగుతారు.

రెండో వాదనకు బలం చేకూర్చే ఒక ఏర్పాటు ఉంది. సీబీఎస్‌ఈ సాంఘికశాస్త్రం పేపర్లలో పటం ప్రశ్నకు బదులుగా, చూపులేని విద్యార్థుల కోసం విడిగా ప్రశ్నలు ఇస్తారు. పటంలో ఒక ఆనకట్టను గుర్తించమనే బదులు, ఆ ఆనకట్ట ఏ రాష్ట్రంలో ఉందో రాయమని అడుగుతారు. అంటే పటం వెనక ఉన్న జ్ఞానాన్ని మాటల్లో అడగడం సాధ్యమే. అయితే అక్కడ ప్రశ్నను తిరగరాశారు, పటం ఉన్నట్టు నటించలేదు. మన జిరాక్స్ కాగితంలో జరుగుతున్నది దానికి ఉల్టా. ప్రశ్న పాతదే, జవాబు మాత్రం తిరగరాసుకుంటున్నారు. "క" ఏమిటని అడిగితే, విశాఖలో ప్రసిద్ధమైనది ఏమిటన్న ప్రశ్నకు జవాబిస్తున్నారు. నా అభిప్రాయం ఈ తేడా దగ్గరే ఉంది. తెలిసిన వాస్తవం ఎంతైనా రాయొచ్చు, దాన్ని "క" పక్కన మాత్రం పెట్టకూడదు.

ఆ అమ్మాయి చివరికి ఇలా రాసుకుంది. మూడో ప్రశ్నకు, ఐదో ప్రశ్నకు పూర్తి జవాబులు. రెండో దానికి 3.7 కి.మీ., పక్కనే చిన్న అక్షరాల్లో "కుదించని పటమైతే". మొదటి దానికి "ఎర్ర మట్టి దిబ్బలు" కొట్టేసి, ఈ గడిలో ఉన్న మూడు పేర్లు, పైన ఒక ప్రశ్నార్థకం. నాలుగో దాని కింద ఒక వి గీసి, మొన పక్కన "ఎగువ" అని రాసి, దిక్కు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలింది. సీనియర్లలో ఎవరి దగ్గరైనా ఆ పటం ఉందేమో అడుగుతానంది. దొరికితే ముందు గీత స్కేలు చూడమన్నాను.